వంశవృక్ష పటంలో అల్లుళ్ల సాక్ష్యం

మీ చేతుల్లో ఉన్న హ్యాండవుట్ చివరి పుటలో ఒక వంశవృక్ష పటం ఉంది. దాని కింద ఉన్న ప్రశ్న ఒక్కటే: ఈ లక్షణం బహిర్గతంగా సంక్రమిస్తోందా, అంతర్గతంగానా, లేక లింగ సహలగ్నంగా, అంటే ఎక్స్ లేదా వై క్రోమోజోము మీది జన్యువు ద్వారానా? ఈ ఉపన్యాసంలో మనం ఆ ఒక్క పటాన్నే పట్టుకుని కూర్చుందాం. పది పటాలను పైపైన చూడడం కంటే ఒక్కదాన్ని చివరిదాకా చదవడం మేలని నా అభిప్రాయం.

ముందు పటంలో ఏముందో మాటల్లో చెబుతాను. చతురస్రం పురుషుడికి, వృత్తం స్త్రీకి గుర్తు. లోపల నలుపు నింపి ఉంటే ఆ వ్యక్తిలో లక్షణం కనిపించిందని అర్థం, ఖాళీగా ఉంటే కనిపించలేదని అర్థం. భార్యాభర్తలను అడ్డగీత కలుపుతుంది, పిల్లలు దాని నుంచి కిందికి వేలాడే గీతల మీద, పెద్దవారు ఎడమవైపున ఉండేలా వరుసగా ఉంటారు. మొదటి తరంలో ఒక తాత ఉన్నాడు, అతనిది నల్ల చతురస్రం. అతని భార్యది తెల్ల వృత్తం. వీరికి ముగ్గురు పిల్లలు: పెద్ద కూతురు, కొడుకు, చిన్న కూతురు. ముగ్గురివీ తెల్ల గుర్తులే. కూతుళ్లిద్దరికీ పెళ్లిళ్లయ్యాయి, అల్లుళ్లిద్దరూ బయటి కుటుంబాలవారు, ఇద్దరూ తెల్ల చతురస్రాలే. పెద్ద కూతురికి నలుగురు పిల్లలు: నల్ల చతురస్రం, తెల్ల వృత్తం, తెల్ల చతురస్రం, మళ్లీ నల్ల చతురస్రం. చిన్న కూతురికి ఇద్దరు: ఒక నల్ల చతురస్రం, ఒక తెల్ల వృత్తం. కొడుకుకు పిల్లలు లేరు. మొత్తం నాలుగు నల్ల గుర్తులు, నాలుగూ మగవారివే.

ఈ పటం చూడగానే చాలామంది విద్యార్థులు "అందరూ మగవారే కాబట్టి ఎక్స్ సహలగ్న అంతర్గతం" అని రాసేస్తారు. జవాబు సరైనదే కావచ్చు, కానీ ఆ కారణం బలహీనమైనది. లక్షణానికి, లింగానికి ఏ సంబంధమూ లేదనుకున్నా, నలుగురు వ్యక్తులూ పురుషులే అయ్యే అవకాశం పదహారింట ఒకటి ఉంటుంది. పదహారు కుటుంబాల్లో ఒక కుటుంబం ఇలా ఉండడం వింతేమీ కాదు. మనకు ఇంతకంటే గట్టి సాక్ష్యం కావాలి, అది ఈ పటంలోనే ఉంది. అయితే అది నల్ల గుర్తుల్లో కాకుండా తెల్ల గుర్తుల్లో, అందులోనూ ఆ ఇద్దరు అల్లుళ్ల దగ్గర ఉంది. ఆ సంగతికి క్రమంగా వద్దాం.

పటాన్ని చదివేటప్పుడు మొదట వెతకవలసింది ఒక రకమైన దంపతులను: ఇద్దరూ తెల్ల గుర్తులై, వారి పిల్లల్లో ఒకరైనా నల్ల గుర్తయిన దంపతులను. లక్షణం బహిర్గతమైతే దానికి కారణమైన యుగ్మవికల్పం, అంటే జన్యువుకున్న ఆ రూపం, ఒక్క ప్రతి ఉన్నా బయటపడాలి. బిడ్డలో ఉన్న ఆ ప్రతి తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉండాలి, ఎవరి నుంచి వచ్చిందో వారిలోనూ అది కనిపించి ఉండాలి. ఇద్దరిలోనూ కనిపించలేదంటే బహిర్గతమన్న ఊహ అక్కడ కుంటుపడుతుంది. మన పటంలో అటువంటి దంపతులు రెండు జంటలున్నారు: పెద్ద కూతురు, పెద్దల్లుడు ఒక జంట, చిన్న కూతురు, చిన్నల్లుడు ఇంకో జంట.

కుంటుపడుతుంది అన్నాను, కూలిపోతుంది అనలేదు. బహిర్గత యుగ్మవికల్పం ఉన్నప్పటికీ లక్షణం బయటపడని వ్యక్తులు కొన్ని వ్యాధుల్లో ఉంటారు. మరికొన్ని వ్యాధులు వయసు మీద పడ్డాక గాని కనిపించవు. హంటింగ్‌టన్ వ్యాధి లక్షణాలు చాలామందిలో 30, 50 ఏళ్ల మధ్య మొదలవుతాయి. కాబట్టి ఆ వ్యాధి పటంలో ఇరవై ఏళ్ల యువకుడికి వేసిన తెల్ల గుర్తు అతను ఆరోగ్యవంతుడని చెప్పదు, ఇప్పటికింకా ఏమీ కనిపించలేదని మాత్రమే చెబుతుంది. ఇక ఒక్క బిడ్డే నల్ల గుర్తై, పై తరాల్లో ఎవరికీ లేకపోతే, ఆ బిడ్డలోనే కొత్తగా ఉత్పరివర్తన జరిగి ఉండవచ్చు. మన పటంలో ఆ సాకు చెల్లదు, ఎందుకంటే తాతలో లక్షణం ముందే ఉంది. బహిర్గతమని పట్టుబట్టాలంటే కూతుళ్లిద్దరిలోనూ యుగ్మవికల్పం ఉండి కూడా దాగిపోయిందని ఒప్పుకోవాలి. పరీక్షా పత్రంలో "లక్షణం ఎల్లప్పుడూ బయటపడుతుంది" అన్న షరతు రాయకపోయినా అది ఉన్నట్టే తీసుకోవడం ఆనవాయితీ. ఆ షరతు మీద మనం బహిర్గతాన్ని పక్కన పెట్టి, అంతర్గతమని, అంటే మంచి ప్రతి తోడు లేనప్పుడే బయటపడేదని నిర్ణయిస్తాం.

దీనికి అద్దంలో బింబం లాంటి పరీక్ష ఇంకొకటి ఉంది. తల్లిదండ్రులిద్దరూ నల్ల గుర్తులై, బిడ్డ తెల్ల గుర్తయితే లక్షణం బహిర్గతం. ఎకాండ్రోప్లాసియా అనే పొట్టితనం ఉన్న దంపతులకు సాధారణమైన ఎత్తు పెరిగే బిడ్డ పుట్టడం ఇందుకు ఉదాహరణ. అటువంటి జంట మన పటంలో లేదు కాబట్టి ముందుకు సాగుదాం.

ఇప్పుడు అసలు ప్రశ్న: అంతర్గతమే అయితే, ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉందా, లేక స్త్రీ పురుషులిద్దరిలోనూ జతగా ఉండే మామూలు క్రోమోజోము మీద ఉందా? ఈ రెండో రకాన్ని ఆటోసోమ్ అంటాం. ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం చిన్నది. పురుషుడికి ఒక్కటే ఎక్స్ ఉంటుంది. దాన్ని అతను కూతుళ్లందరికీ ఇస్తాడు, కొడుకుల్లో ఎవరికీ ఇవ్వడు. కొడుకులకు అతని నుంచి అందేది వై.

ముందు ఎక్స్ సహలగ్నమని ఊహించి పటం మీద నడుద్దాం. తాతకున్న ఒకే ఒక్క ఎక్స్ మీద లోపమున్న యుగ్మవికల్పం ఉంది. అది కూతుళ్లిద్దరికీ తప్పనిసరిగా అందింది. తల్లి నుంచి వచ్చిన మంచి ప్రతి కూడా ఉండడం వల్ల ఇద్దరిలోనూ లక్షణం కనిపించదు, ఇద్దరూ వాహకులే. కొడుకుకు తండ్రి ఎక్స్ అందలేదు, అతను తెల్ల గుర్తుగా ఉండడం సహజమే. వాహకులైన కూతుళ్ల కొడుకుల్లో ఒక్కొక్కరికీ లక్షణం వచ్చే అవకాశం 1/2. మనవరాళ్లకు తండ్రుల నుంచి మంచి ఎక్స్ తప్పక అందుతుంది కాబట్టి వారు తెల్ల గుర్తులుగా ఉండడం ఖాయం. పటంలో ఉన్నది సరిగ్గా ఇదే. ఈ కథలో అల్లుళ్లకు ఏ పాత్రా లేదు, వారి నుంచి మనకు ఏమీ అవసరం లేదు.

ఇప్పుడు ఆటోసోమ్ మీద ఉందని ఊహిద్దాం. తాతలో రెండు ప్రతులూ లోపమున్నవే, కనుక పిల్లలు ముగ్గురూ వాహకులు. ఇంతవరకు ఇబ్బంది లేదు. కానీ మనవడిలో లక్షణం బయటపడాలంటే అతనికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపమున్న ప్రతులు అందాలి. అంటే పెద్దల్లుడూ వాహకుడై ఉండాలి, చిన్నల్లుడూ వాహకుడై ఉండాలి. ఒకరికొకరు సంబంధం లేని రెండు కుటుంబాల నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు, ఇద్దరూ అదే అరుదైన యుగ్మవికల్పాన్ని మోస్తూ వచ్చారని మనం నమ్మాలి.

ఎంత అరుదు అన్నది లెక్క కడదాం. ఒక ఆటోసోమ్ అంతర్గత వ్యాధి పదివేల మందిలో ఒకరికి వస్తుందనుకుంటే, ఆ యుగ్మవికల్పం నూరు ప్రతుల్లో ఒకటిగా జనాభాలో ఉన్నట్టు. అప్పుడు వాహకులు దాదాపు యాభై మందిలో ఒకరు. ఒక అల్లుడు వాహకుడయ్యే అవకాశం 1/50, ఇద్దరూ అయ్యే అవకాశం 1/2500. ఇక పిల్లల సంగతి చూస్తే, ఇద్దరు వాహకుల బిడ్డలో లక్షణం కనిపించే అవకాశం 1/4, కనిపించకపోయే అవకాశం 3/4. మన పటంలో నల్ల మనవలు ముగ్గురు, తెల్ల పిల్లలు ముగ్గురు. 1/4 ను మూడుసార్లు, 3/4 ను మూడుసార్లు గుణిస్తే 27/4096 వస్తుంది. ఎక్స్ సహలగ్నమైతే మనవలు నలుగురికీ ఒక్కొక్కరికి 1/2 చొప్పున 1/16, మనవరాళ్ల విషయంలో సందేహమే లేదు. ఈ పిల్లల వరుసను మాత్రమే చూస్తే 1/16 అనేది 27/4096 కంటే తొమ్మిదిన్నర రెట్లు పెద్దది. అల్లుళ్లను కూడా కలిపితే ఆ తొమ్మిదిన్నరను 2500తో గుణించాలి, అప్పుడు మొత్తం 23,000 రెట్లు దాటుతుంది.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ఒకసారి చూడండి. నల్ల, తెల్ల మనవలందరూ కలిసి మనకిచ్చిన సాక్ష్యం పది రెట్ల లోపే. పటంలో ఎవరూ పట్టించుకోని, ఏ లక్షణమూ లేని ఇద్దరు అల్లుళ్లు ఇచ్చిన సాక్ష్యం 2500 రెట్లు. అందుకే నేను ఏ పటం చూసినా ముందు వేలు పెట్టి లెక్కించేది నల్ల గుర్తులను కాదు, బయటి నుంచి పెళ్లి చేసుకుని వచ్చినవారిని. ఒక్కొక్క ఊహ కింద వారిలో ఎంతమంది వాహకులు కావలసి వస్తుందో రాసుకోవాలి. మిగతా పరీక్షలన్నీ సమంగా ఉంటే, ఎవరి దగ్గరా అప్పు చేయనవసరం లేని ఊహే గెలుస్తుంది.

బయటివారు అన్న మాట మీదే ఈ వాదన నిలబడింది కాబట్టి ఆ మాట నిజమో కాదో పటంలో చూసుకోవాలి. దంపతులను కలిపే అడ్డగీత జంటగీతగా ఉంటే వారిద్దరూ రక్తసంబంధీకులని అర్థం. అల్లుళ్లిద్దరూ అన్నదమ్ములై, తాత సొంత చెల్లెలి కొడుకులే అనుకోండి. ఆటోసోమ్ ఊహ కింద తాత తల్లిదండ్రులిద్దరూ వాహకులు అయి ఉంటారు. లక్షణం లేని చెల్లెలు వాహకురాలయ్యే అవకాశం 2/3. ఆమె కొడుకులిద్దరికీ ఆ ప్రతి అందే అవకాశం 1/4. రెండూ గుణిస్తే 1/6. ఇందాకటి 1/2500 స్థానంలో ఇప్పుడు 1/6 కూర్చుంది. ఇరవై మూడు వేల రెట్ల మన ధీమా వందలోపుకు పడిపోతుంది. ఒక్క గీత పక్కన ఇంకో గీత గీసినంత మాత్రాన ఇంత మార్పు వస్తుందని హ్యాండవుట్‌లు చెప్పవు. ప్రశ్నలు తయారుచేసేవారికి మాత్రం ఇది బాగా తెలుసు.

ఇదే పటంలో ఇంకో మార్పు చేద్దాం. చిన్న కూతురి కూతురు ఉన్నది కదా, ఆ చివరి తెల్ల వృత్తాన్ని పెన్సిలుతో నల్లగా నింపండి. ఇప్పుడు పటం మొత్తం తలకిందులవుతుంది. ఎక్స్ సహలగ్న అంతర్గతమైతే ఆ అమ్మాయిలో లక్షణం కనిపించడానికి ఆమె రెండు ఎక్స్‌లూ లోపమున్నవి కావాలి. వాటిలో ఒకటి తండ్రి నుంచి వచ్చింది. తండ్రికి ఉన్నదే ఒక్క ఎక్స్, అందులో లోపముంటే అతనిలో లక్షణం కనిపించి తీరాలి. అతనేమో తెల్ల చతురస్రం. కాబట్టి లెక్కలతో పని లేకుండా ఎక్స్ సహలగ్నం కొట్టుకుపోతుంది, ఆటోసోమ్ అంతర్గతమొక్కటే మిగులుతుంది. అల్లుళ్లిద్దరూ వాహకులవడం ఎంత అరుదైనా సరే, ఇప్పుడు దాన్ని ఒప్పుకోక తప్పదు. తెల్ల తండ్రికి నల్ల కూతురు: ఎక్స్ సహలగ్న అంతర్గతాన్ని తోసిపుచ్చడానికి ఇంతకంటే గట్టి ఆధారం పటంలో దొరకదు. ఆసుపత్రిలో మాత్రం ఒక మెలిక ఉంటుంది. టర్నర్ సిండ్రోమ్‌లో స్త్రీకి ఒకే ఎక్స్ ఉంటుంది, కొందరు వాహకుల్లో మంచి ఎక్స్ ఎక్కువ కణాల్లో నిద్రాణమైపోయి లక్షణం బయటపడుతుంది. అటువంటి అమ్మాయి కనిపిస్తే వైద్యులు తీర్పు చెప్పే ముందు క్రోమోజోములు చూస్తారు.

ఇంకో చోట చాలా హ్యాండవుట్‌లు పొరపాటు సూత్రం నేర్పుతాయి: "నల్ల తండ్రికి నల్ల కొడుకు కనిపిస్తే ఎక్స్ సహలగ్నం కాదు" అని. ఈ సూత్రం ఎక్స్ సహలగ్న బహిర్గతానికి పూర్తిగా సరిపోతుంది. అక్కడ తల్లి తెల్ల గుర్తయితే కొడుకుకు ఆ యుగ్మవికల్పం రావడానికి దారే లేదు. పైగా ఆ రకంలో నల్ల తండ్రి కూతుళ్లందరూ నల్ల గుర్తులై ఉండాలి, కాబట్టి ఒక్క తెల్ల కూతురు కనిపించినా అది కూడా చాలు. అంతర్గతానికి మాత్రం ఈ సూత్రాన్ని గుడ్డిగా వాడకూడదు. మన పటంలో తాత కొడుకు కూడా నల్ల చతురస్రమే అనుకోండి. తండ్రి నుంచి రాలేదన్నది నిజమే, కానీ తల్లి వాహకురాలైతే ఆమె నుంచి రావచ్చు. తండ్రీకొడుకులిద్దరిలోనూ ఒకే లక్షణం ఉన్నా, అది వారి మధ్య చేతులు మారకుండా రెండు వేర్వేరు దారుల్లో వచ్చి ఉండవచ్చు.

ఆ తల్లి వాహకురాలని నమ్మవచ్చా లేదా అన్నది లక్షణం ఎంత సామాన్యమో దాన్ని బట్టి ఉంటుంది. పదివేల మంది పురుషుల్లో ఒకరికి వచ్చే ఎక్స్ సహలగ్న వ్యాధికి స్త్రీలలో వాహకులు సుమారు 5000 మందిలో ఒకరు. అక్కడ నల్ల తండ్రి, నల్ల కొడుకు జంట మన ఊహను గట్టిగానే దెబ్బతీస్తుంది. కానీ ఎరుపు, ఆకుపచ్చ రంగులను వేరుచేయలేని వర్ణాంధత్వాన్ని తీసుకోండి. ఉత్తర ఐరోపా మూలాలున్న పురుషుల్లో దాదాపు 8 శాతం మందిలో అది ఉంటుంది, అంటే అక్కడి స్త్రీలలో వాహకులు దాదాపు 15 శాతం. బయటి నుంచి వచ్చిన భార్య వాహకురాలవడం అక్కడ వింతే కాదు. వర్ణాంధత్వ పటంలో తండ్రీకొడుకులను చూపించి ఎక్స్ సహలగ్నం కాదని రాసిన విద్యార్థికి మార్కు ఇవ్వడం నాకు ఇష్టముండదు, ఆ హ్యాండవుట్ అలాగే చెప్పినా సరే.

నిష్పత్తుల గురించి ఒక హెచ్చరిక చేయాలి. అంతర్గతమైతే నలుగురిలో ఒకరు నల్ల గుర్తు కావాలి, మన పటంలో పెద్ద కూతురి నలుగురు పిల్లల్లో ఇద్దరున్నారు, కాబట్టి ఆటోసోమ్ కాదు అని కొందరు వాదిస్తారు. నలుగురు పిల్లల మీద నిష్పత్తి కట్టడం ఎలాగూ సాహసమే, దానికి తోడు పటం మన చేతికి ఎలా వచ్చిందన్నది కూడా చూడాలి. లక్షణమున్న బిడ్డ పుట్టిన కుటుంబమే వైద్యుడి దగ్గరకు వెళుతుంది, ఆ కుటుంబం పటమే గీస్తారు. ఇద్దరేసి పిల్లలున్న పదహారు వాహక దంపతుల కుటుంబాలను తీసుకోండి. సగటున తొమ్మిదింటిలో ఎవరికీ లక్షణం ఉండదు, ఆరింటిలో ఒకరికి, ఒకదానిలో ఇద్దరికీ ఉంటుంది. ఆ తొమ్మిది కుటుంబాలు ఎవరి కంటా పడవు. మిగిలిన ఏడు కుటుంబాల పద్నాలుగు మంది పిల్లల్లో ఎనిమిది మందివి నల్ల గుర్తులు. అంటే పటాల్లో మనకు కనిపించే నిష్పత్తి 1/4 కాదు, 4/7.

మన పటం ఊహాజనితమైనదే అయినా, దాదాపు ఇదే ఆకారం చరిత్రలో ఉంది. విక్టోరియా రాణి కొడుకు లియోపోల్డ్ 1853లో పుట్టాడు, అతనికి రక్తం గడ్డకట్టని హీమోఫీలియా ఉండేది, 1884లో చనిపోయాడు. అతని కొడుకు చార్లెస్ ఎడ్వర్డ్‌కు ఆ వ్యాధి లేదు. కూతురు ఆలిస్‌కు లక్షణాలు లేవు, కానీ ఆమె కొడుకు రూపర్ట్‌కు హీమోఫీలియా వచ్చింది. తాత, వాహకురాలైన కూతురు, మనవడు: పటంలో ఒక కొమ్మ అచ్చంగా మనదే. అయితే పటం ఎక్కడ ఆగిపోతుందో కూడా ఈ కుటుంబమే చూపిస్తుంది. హీమోఫీలియాలో ఎ, బి అని రెండు ప్రధాన రకాలున్నాయి, రెండింటి జన్యువులూ ఎక్స్ మీదే ఉన్నాయి, రెండూ అంతర్గతమే. పటంలో రెండూ ఒకేలా కనిపిస్తాయి కనుక రాజవంశంలో ఉన్నది ఏ రకమో పటం చూసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాలేదు. విక్టోరియా మునిమనవడు, రష్యా యువరాజు అలెక్సీ ఎముకల నుంచి తీసిన డీఎన్ఏను 2009లో పరీక్షించాక గాని అది బి రకమని, తొమ్మిదవ గడ్డకట్టే కారకపు జన్యువులో మార్పు వల్ల వచ్చిందని తేలలేదు.

ఇక మన పటానికే తిరిగి వచ్చి, ఈ నిర్ణయం ఎవరికి కావాలో చూద్దాం. పెద్ద కూతురి కూతురు, ఆ తెల్ల వృత్తం, తనకు పుట్టబోయే పిల్లల గురించి అడుగుతోంది. భర్త బయటివాడు. లక్షణం ఆటోసోమ్ అంతర్గతమైతే ఆమె వాహకురాలయ్యే అవకాశం 2/3, భర్త వాహకుడయ్యే అవకాశం 1/50, బిడ్డకు రెండు ప్రతులూ అందే అవకాశం 1/4, గుణిస్తే 1/300. ఎక్స్ సహలగ్నమైతే ఆమె వాహకురాలయ్యే అవకాశం 1/2, కొడుకుకు అది అందే అవకాశం 1/2, అంటే పుట్టే ప్రతి కొడుకుకూ 1/4. కూతుళ్లకు భయం లేదు. ఆమెకు ఈలోగా ఆరోగ్యవంతులైన ఇద్దరు కొడుకులు పుట్టారనుకోండి, అప్పుడు ఈ లెక్క మారుతుంది. ఆమెలాంటి ఎనిమిది మంది స్త్రీలను ఊహించండి: నలుగురు వాహకులు, నలుగురు కారు. వాహకులైన నలుగురిలో ఇద్దరు కొడుకులూ ఆరోగ్యంగా పుట్టేది సగటున ఒక్కరికే; వాహకులు కాని నలుగురికీ అలాగే పుడతారు. ఇద్దరు ఆరోగ్యవంతులైన కొడుకులున్న ఆ ఐదుగురిలో వాహకురాలు ఒక్కరే. కాబట్టి ఆమె వాహకురాలయ్యే అవకాశం 1/2 నుంచి 1/5కి, మూడో కొడుకుకు వ్యాధి వచ్చే అవకాశం 1/4 నుంచి 1/10కి తగ్గుతుంది.